తెలుగు ట్రాన్స్‌క్రిప్ట్‌ను దిద్దాలంటే రీప్లేస్ పట్టికా, భాషా మోడలా: ఏది మేలు?

మీటింగ్ ఆడియోను టెక్స్ట్‌గా మార్చి సారాంశం తీసేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. విడిపోయిన పదాలు, వంకర తిరిగిన ఇంగ్లిష్ మాటలతో నిండిన ఆ టెక్స్ట్‌ను ఫలానా తప్పు మాటకు ఫలానా సరైన మాట అని రాసుకున్న రీప్లేస్ పట్టికతో దిద్దాలా, భాషా మోడల్‌కి ఇచ్చి తిరగరాయించాలా, లేక ఉన్నదున్నట్టు సారాంశానికి పంపేయాలా?

మీటింగ్ దేని గురించో తెలిస్తే చాలనుకుంటే నేరుగా పంపేయండి, ఫర్వాలేదు. మొత్తం విని చేత్తో దిద్దడం అన్నిటికన్నా నమ్మకమైనదే, కానీ గంట ఆడియోకి కొన్ని గంటలు పడుతుంది. ప్రతి మాటా రికార్డులో ఉండి తీరాల్సిన చోటే అది పనికొస్తుంది. ఆడియోను టెక్స్ట్‌గా మార్చే విస్పర్ మోడల్ వాడేవాళ్ళు `initial_prompt`లో తమ పదాలు ముందే ఇవ్వొచ్చు. అయితే అందులో 224 టోకెన్లకు, అంటే మోడల్ చదివే అక్షర ముక్కలకు, మించి పట్టవు, తెలుగు లిపి టోకెన్లను త్వరగా తినేస్తుంది. పది పన్నెండు ముఖ్యమైన పేర్లకు సరిపోతుందంతే. అసలు పోటీ పట్టికకూ మోడల్‌కూ మధ్యే.

ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ మీటింగ్‌లో ఒకరు ఇలా అన్నారనుకోండి:

"బిల్డ్ ఫెయిలైంది కాబట్టి క్లయింట్‌కి ఇంకా ఏమీ చెప్పలేదు. శుక్రవారంలోగా సరిచేస్తాం. అప్పటిదాకా లింక్ ఎవరికీ పంపకండి."

టెక్స్ట్ ఇలా వచ్చింది:

"బిల్లు ఫెయిల్ అయింది కాబట్టి క్లయింట్ కి ఇంకా ఏమి చెప్ప లేదు శుక్రవారం లోగో సరి చేస్తాం అప్పటి దాకా లింక్ ఎవరికి పంపక అండి"

చూడగానే కళ్ళకు గుచ్చుకునేవి 'క్లయింట్ కి', 'చెప్ప లేదు', 'సరి చేస్తాం', 'అప్పటి దాకా'. సారాంశానికి వీటివల్ల వచ్చే నష్టం దాదాపు లేదు. ఎన్ని పదాలు తప్పాయో కొలిచే వర్డ్ ఎర్రర్ రేట్ మాత్రం 'చెప్ప లేదు'ను రెండు తప్పులుగా లెక్కేస్తుంది, 'శుక్రవారంలోగా' బదులు 'శుక్రవారంలోగో' పడితే ఒక్కటే అంటుంది. కాబట్టి ఆ అంకె తగ్గిందని సారాంశం బాగుపడిందనుకోలేం. ఇక్కడ ప్రాణం తీసేవి మూడే: బిల్లు, లోగో, పంపక అండి.

ఈ ముక్కను "తప్పులు దిద్ది రాయి" అని మోడల్‌కిస్తే ఇలాంటిది రావచ్చు:

"బిల్లు ఫెయిల్ అయింది కాబట్టి క్లయింట్‌కి ఇంకా ఏమీ చెప్పలేదు. శుక్రవారం లోగో సరిచేస్తాం. అప్పటిదాకా లింక్ ఎవరికి పంపాలండి?"

విడిపోయినవన్నీ అతుక్కున్నాయి, చుక్కలు పడ్డాయి, 'ఏమీ'లో దీర్ఘం కూడా తిరిగొచ్చింది. కానీ లింక్ పంపొద్దన్న మాట ఎవరికి పంపాలన్న ప్రశ్నగా మారిపోయింది. గడువు పోయి లోగో పని వచ్చి చేరింది. సారాంశంలో "లోగో సరిచేయాలి, లింక్ ఎవరికి పంపాలో తేల్చాలి" అని వస్తే అనుమానించేవాళ్ళెవరు?

నా దృష్టిలో తేల్చే అంశం ఇదే. పట్టిక పట్టుకోలేని తప్పు 'పంపక అండి' లాగే వికారంగా మిగిలిపోతుంది, చదివేవాడు ఆగుతాడు. మోడల్ చేసే తప్పు నున్నటి వాక్యంలో కలిసిపోతుంది. తెలుగులో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే 'కాదు, వద్దు' అనే అర్థం చాలాసార్లు క్రియ చివరి ఒకటి రెండు అక్షరాల్లోనే ఉంటుంది. 'పంపండి'కీ 'పంపకండి'కీ తేడా ఒక్క 'క'. సంధి దగ్గర పదం తెగితే ముందు దెబ్బతినేది ఆ చివరే.

అందుకే నా ఓటు ముందు పట్టికకే. పై ముక్క `t`లో ఉంటే ఇంత చాలు:

```python
import re
A = r'(?<![\u0C00-\u0C7F])'
t = re.sub(A + r'బిల్లు(?= ఫెయిల్| పాస్)', 'బిల్డ్', t)
t = re.sub(r'(వారం) ?లోగో', r'\1లోగా', t)
t = re.sub(A + r'(పంప|చెప్ప|చేయ|ఇవ్వ)క అండి', r'\1కండి', t)
```

పదం హద్దుకు `\b` వాడలేదని గమనించండి. పైథాన్ `re` మన గుణింతాలనూ పొల్లునూ పదంలో భాగంగా చూడదు. `\bబిల్డ్\b` అని రాస్తే 'బిల్డ్ ఫెయిల్'లో ఏమీ దొరకదు, ఎర్రర్ కూడా రాదు. పట్టిక పనిచెయ్యట్లేదని వదిలేసేవాళ్ళలో చాలామందిది ఈ చిక్కే అయ్యుంటుంది. 'క్లయింట్‌కి' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం (U+200C) ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది పట్టికలో ఒకలా, టెక్స్ట్‌లో ఒకలా ఉంటే వెతుకులాట తప్పుతుంది. ముందే రెండు చోట్లా తీసేయండి.

పట్టికకు హద్దులున్నాయి. 'క అండి'ని క్రియల జాబితా లేకుండా కలిపేస్తే 'లెక్క అండి' కూడా 'లెక్కండి' అయిపోతుంది. డిజైన్ టీమ్ వాళ్ళు "ఈ వారం లోగో మారుద్దాం" అంటే రెండో నియమం దాన్ని చెడగొడుతుంది, ఆ టీమ్‌కి ఆ నియమం తీసేయాల్సిందే. 'ఎవరికి' దగ్గరైతే పట్టిక చేతులెత్తేస్తుంది. "ఎవరికి చెప్పలేదు?" అన్నది సరైన ప్రశ్నే, "ఎవరికీ చెప్పలేదు" అన్నదీ సరైన వాక్యమే. ఇక ఇంగ్లిష్‌లో వేర్వేరుగా ఉన్న రెండు మాటలు తెలుగు లిపిలో ఒకే 'క్యాష్' అయినప్పుడు అది డబ్బో, కంప్యూటర్ దాచుకున్న డేటానో పక్క మాటలే చెప్పాలి.

మోడల్ అక్కర్లేదని కాదు. పట్టిక తర్వాత దాన్ని రంగంలోకి దించండి, కానీ దిద్దడం, సారాంశం రాయడం ఒకేసారి చెప్పకండి. అలా చేస్తే మధ్యలో ఏం మారిందో చూసుకునే దారే ఉండదు. దిద్దిన పాఠం విడిగా తీసుకుని, ముందుదానితో పోల్చండి. పోల్చేముందు రెండింటిలోనూ ఖాళీలు, చుక్కలు, ఆ కనిపించని అక్షరం తీసేయండి:

```python
def core(s):
    return re.sub(r'[\s\u200c.,?!]', '', s)
```

'చెప్ప లేదు', 'చెప్పలేదు' ఇప్పుడు ఒకటే అవుతాయి. ఊరికే అతికిన మార్పులన్నీ మాయమై, మాటే మారిన చోట్లు మాత్రం తేడాలు చూపించే పైథాన్ `difflib`కి చిక్కుతాయి. మన ముక్కలో పట్టిక వాడకుండా మోడల్ ఒక్కదానికే ఇచ్చి ఉన్నా, 'పంపక అండి' కాస్తా 'పంపాలండి' అయిందని ఇక్కడ బయటపడేది. 'శుక్రవారం లోగో' మాత్రం బయటపడదు, మోడల్ దాన్ని ముట్టుకోలేదు కదా. అక్కడ పట్టికే దిక్కు.

మిగిలిన తేడాల్లో 'లేదు, కాదు, వద్దు, -కండి' ఉన్నవీ, అంకెలూ గడువులూ ఉన్నవీ మాత్రం ఆడియోలో వినండి. దీనికోసం ప్రతి వాక్యం పక్కన టైమ్ ఉంచుకోవాలి, దిద్దేటప్పుడు దాన్ని చెరిపేయకూడదు. ఆడియో చేతిలో లేకపోతే ఆ వాక్యాన్ని దిద్దకుండా, వచ్చినట్టే కోట్ చేసి సారాంశంలో పెట్టండి. మీటింగ్‌లో ఉన్నవాళ్ళు చూసి తామేమన్నారో చెప్తారు.