రిచర్డ్ 3 వారసులు: తల్లి వరస నమ్మాలా, తండ్రి వరసా?

2012లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కారు పార్కింగ్ కింద ఒక అస్థిపంజరం దొరికింది. అది 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజు రిచర్డ్ 3దేనా? ఆయన పిల్లల వంశం మిగల్లేదు, కాబట్టి డీఎన్‌ఏ పోల్చాలంటే బంధువులే దిక్కు.

రాజు అక్క ఆన్ నుంచి కూతుళ్ల మీదుగా వచ్చిన ఇద్దరిని రికార్డుల్లో వెతికి పట్టుకున్నారు. తల్లి నుంచే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒకరితో పూర్తిగా, మరొకరితో ఒక్క అక్షరం తేడాతో కలిసింది. అది అరుదైన రకం కావడం ఇంకా బలం.

తండ్రి వరసకు రాజు ముత్తాత తండ్రి ఎడ్వర్డ్ 3 వంశస్థులమన్న ఐదుగురిని పరీక్షించారు. తండ్రి నుంచి కొడుక్కే వచ్చే వై క్రోమోజోమ్ వాళ్లలో ఒక్కరిది కూడా రాజుతో కలవలేదు. పైగా వాళ్లలో ఒకరిది మిగతా నలుగురితోనూ కలవలేదు! అంటే కాగితంలోని తండ్రి అసలు తండ్రి కాని చోట్లు కనీసం రెండు. మొదటిది రాజు వైపా, వీళ్ల వైపా అన్నది ఈ పరీక్ష చెప్పదు. నా ఓటు తల్లి వరసకే. బిడ్డను కన్నదెవరో ఊరికి తెలుస్తుంది.