నాలుగు వానకాలాలు వాడిన సిలికా జెల్ పెట్టె: తోలు బూట్లకూ పాత పుస్తకాలకూ పట్టిన బూజుపై నా అనుభవం

చెన్నైలో మా పడకగది ఉత్తరపు గోడ బయటి గోడ. దానికి ఆనించి ఉన్న చెక్క అలమరలో కింది అరలో నా తోలు బూట్లు, పై రెండు అరల్లో మా తాతగారు పాత మూర్ మార్కెట్‌లో ఏరి కొనుక్కున్న తెలుగు పుస్తకాలు ఉండేవి. 2021 నవంబరులో వారం రోజులు విడవకుండా కురిసిన వానల తర్వాత అలమర తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. గోధుమ రంగు బూట్ల మీద తెల్లటి పొర, కాలికో అట్టల పుస్తకాల వీపుల మీద బూడిద రంగు నూగు కనిపించాయి. ఆ నెలలోనే మొదలుపెట్టి 2024 డిసెంబరు వరకు నాలుగు వానకాలాలు నేను వాడుతున్నది మూతకు రబ్బరు పట్టీ ఉన్న ప్లాస్టిక్ పెట్టెలు రెండు, కిలో సిలికా జెల్, గాలిలో తేమ చూపించే చిన్న హైగ్రోమీటర్లు రెండు. ఇవి ఎంతవరకు పనిచేశాయో, ఎక్కడ నన్ను ఇబ్బంది పెట్టాయో రాస్తున్నాను.

ముందుగా హైగ్రోమీటరు గురించి చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని అంకె మీదే ఆధారపడి ఉంటుంది. గాలిలో సాపేక్ష తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే తోలు మీద, కాగితం మీద బూజు మొలకెత్తే అవకాశం మొదలవుతుంది. 75 దాటితే వేగంగా పెరుగుతుంది. బూజు విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి వాటిని ఇంట్లోకి రాకుండా ఆపలేము, తేమను మాత్రమే ఆపగలం. అయితే చవకగా దొరికే హైగ్రోమీటర్ల అంకెను నేరుగా నమ్మకూడదు. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, అది తడి ఇసుకలా ముద్ద అయ్యేంతవరకు మాత్రమే నీటి చుక్కలు కలిపి, ఆ మూతనూ హైగ్రోమీటరునూ జిప్ కవరులో పెట్టి రాత్రంతా వదిలేయాలి. తడి ఉప్పు దగ్గర గాలి తేమ 75 శాతం వద్ద నిలుస్తుంది. నా వాటిలో ఒకటి 74 చూపించింది, రెండోది 69 చూపించింది. ఆ రెండోదాన్ని పరీక్షించకుండా వాడి ఉంటే, అది 62 అని చూపించినప్పుడు నిశ్చింతగా ఉండేవాణ్ణి, అసలు తేమ 68 అయి ఉండేది. ఇప్పుడు దాని వెనక "ఆరు కలపాలి" అని చీటీ అంటించి ఉంచాను.

పెట్టెల దాకా రాకముందు నేను చేసిన పొరపాటు ఒకటుంది. అలమర కొక్కేనికి వేలాడదీసే తేమ సంచులను నాలుగు కొన్నాను. వాటిలో ఉండేది కాల్షియం క్లోరైడు. అది గాలిలోని తేమను బాగా పీల్చుతుంది, కాని పీల్చిన తేమతో కలిసి తానే ద్రవమైపోయి సంచి అడుగున చేరుతుంది. తలుపు సరిగా పట్టని పాత చెక్క అలమరలో అది గదిలోని తేమనంతా లాగుతూ రెండు వారాల్లోపే నిండిపోయింది. ఒక సంచి అతుకు ఊడి ఆ ఉప్పు నీరు కింద ఉన్న నల్ల బూటు ముందు భాగం మీద కారింది. తుడిచి ఆరబెట్టినా తోలు అక్కడ గట్టిపడి ముడుచుకుపోయింది, పాలిష్ పట్టడం లేదు, లేసు వేసే కన్నాల లోహపు రింగులకు తుప్పు పట్టింది. ఆ బూటు ఇక బాగుపడలేదు. తోలుకూ కాగితానికీ పైన ఈ సంచులను వేలాడదీయవద్దని నా గట్టి సలహా. సిలికా జెల్ ఎంత తేమ పీల్చినా గింజ గింజగానే ఉంటుంది, కారదు. నేను దాన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం ఇదే.

నేను వాడేది నారింజ రంగు గింజల రకం, తేమ పీల్చిన కొద్దీ ముదురు ఆకుపచ్చకు మారుతుంది. నీలం నుంచి గులాబీకి మారే రకం కూడా దొరుకుతుంది గాని, ఆ నీలం రంగు ఒంటికి హాని చేసే కోబాల్టు క్లోరైడుది కాబట్టి దాన్ని ఇంట్లోకి తేలేదు.

పుస్తకాల పెట్టె విషయంలో నేను మొదట ఊహించనిది ఒకటి జరిగింది. పది కిలోల పుస్తకాలను పెట్టెలో సర్ది, అర కిలో జెల్‌ను పలుచని నూలు సంచిలో పోసి మూత బిగించాను. మర్నాటికి హైగ్రోమీటరు 60 చూపించింది, సంతోషించాను. మూడో రోజుకు అది తిరిగి 71కి చేరింది, గింజలన్నీ ఆకుపచ్చగా మారిపోయాయి. మూతలో సందు ఉందేమోనని రబ్బరు పట్టీ చుట్టూ వెతికాను, ఎక్కడా లేదు. వంటింటి త్రాసులో తూచితే 500 గ్రాముల జెల్ 610 గ్రాములయింది. ఆ 110 గ్రాముల నీరు బయటి గాలి నుంచి రాలేదు, పుస్తకాల్లోంచే వచ్చింది. కాగితం చూడడానికి పొడిగా ఉన్నా వానకాలంలో తన బరువులో పదో వంతు దాకా నీటిని దాచుకుంటుంది, చుట్టూ గాలి పొడిబారగానే దాన్ని వదులుతుంది. పాత నిఘంటువు ఒకదాన్ని విడిగా తూచి పెట్టుకున్నాను. మొదటి రోజు 812 గ్రాములున్నది, అన్నీ ఆరాక 789 గ్రాములయింది. జెల్‌ను మూడుసార్లు ఎండబెట్టి మార్చాక, మొత్తం 275 గ్రాముల నీరు బయటికి వచ్చాక, పెట్టెలో తేమ 52 వద్ద నిలిచింది. అంటే ఆ కాస్త జెల్ పొడి పుస్తకాలను పొడిగా కాపాడగలదే తప్ప, చెమ్మగిల్లిన పుస్తకాలను ఒక్క విడతలో ఆరబెట్టలేదు. రెండో ఏడు నుంచి బూజు లేని పుస్తకాలను ముందుగా ఏసీ గదిలో, పుటలు కాస్త విచ్చుకునేలా నిలబెట్టి నాలుగు రోజులు ఉంచుతున్నాను. బరువు తగ్గడం ఆగాకే పెట్టెలోకి చేరుస్తున్నాను. అలా చేస్తే ఒక్క విడత జెల్ రెండు నెలలకు పైగా వస్తోంది.

బూజు పట్టిన పుస్తకాలకు మాత్రం ఏసీ గది పనికిరాదు, గాలి విసురుకు విత్తులు గదంతా పరుచుకుంటాయి. వాటిని విడిగా రెండో పెట్టెలో జెల్‌తో పెట్టి మూసేస్తాను. నూగు తడిగా ఉన్నప్పుడు తుడిస్తే అది కాలికో నేతలోకి పూసుకుపోయి మరక శాశ్వతమవుతుంది. నా తొందరపాటుతో రెండు పుస్తకాల వీపులు అలాగే పాడయ్యాయి. వారం పది రోజుల్లో నూగు ఎండి పొడిలా రాలే స్థితికి వస్తుంది. అప్పుడు ఎన్-95 మాస్కు పెట్టుకుని, బాల్కనీలో గాలి నా వెనక నుంచి వీచేలా నిలబడి, మెత్తటి కుంచెతో వీపు నుంచి అంచుల వైపుకు దులుపుతాను. లోపలి పుటల్లోని గోధుమ రంగు చుక్కలు దులిపితే పోవు. వాటికి నూగు గాని వాసన గాని లేకపోతే అవి కాగితంలోనే పుట్టిన పాత మచ్చలు, వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు. బూజు తిన్న చోట మిగిలే ఊదా, నలుపు మరకలు కూడా ఇంట్లో పోగొట్టగలిగినవి కావు.

మా అమ్మ మాత్రం ప్రతి ఏడూ ఒకే మాట అంటుంది: "ఎండ కాసిన రోజున మేడ మీద పరిచేయరా, పెట్టెలూ గిట్టెలూ ఎందుకు?" ఒకసారి ఆమె మాట విని ఒక పూట పరిచాను. బూజు ఎండిపోయింది, నిజమే. కాని ఒక పుస్తకం అట్ట విల్లులా వంగింది, ఎండ తగిలిన వైపు బూటు రంగు వెలిసింది. ఆమె వేసే వేపాకు, కలరా ఉండలు పురుగుల్ని దూరంగా ఉంచుతాయి గాని బూజును ఆపలేదు. కలరా ఉండల పక్కనే ఉన్న పుస్తకానికి నూగు పట్టడం నేను స్వయంగా చూశాను.

ఇక బూట్లు. తోలు మీద తెల్లటి పొర కనిపించగానే బూజు అనుకోకూడదని నాకు మూడో ఏడు గాని తెలియలేదు. తోలులో ఎక్కించిన కొవ్వు, పాలిష్‌లోని మైనం కొన్నిసార్లు పైకి తేలి అచ్చం బూజులాగే కనిపిస్తాయి. హెయిర్ డ్రయ్యర్‌ను జానెడు దూరంలో పట్టి అర నిమిషం వెచ్చటి గాలి పట్టిస్తే, కొవ్వు అయితే కరిగి తోలులోకి ఇంకి మాయమవుతుంది, బూజు అయితే అలాగే ఉంటుంది. బూజు సాధారణంగా చుక్కలు చుక్కలుగా, కుట్ల వెంబడి, నాలుక కింద ఎక్కువగా ఉంటుంది, వాసన వస్తుంది.

బూజు అని తేలాక లేసులు, లోపలి అట్ట తీసి, బయట పొడి బ్రష్షుతో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్ళు కలిపి, గుడ్డను అందులో తడిపి బాగా పిండి తుడుస్తాను. ముందుగా నాలుక లోపలి వైపు ఒక చోట తుడిచి చూడాలి. చవక రంగు అయితే గుడ్డకు అంటుకుంటుంది. కుట్ల సందుల్లో పాత పళ్ళతోము బ్రష్షు పనికొస్తుంది. మెత్తటి నూగు ఉండే స్వేడ్ తోలుకు ఈ తుడుపు పనికిరాదు, దాన్ని బ్రష్షుతో దులపడం వరకే. తర్వాత లోపల కాగితాలు కూరి ఫ్యాను కింద నీడలో ఒకటిన్నర రోజు ఉంచి, తోలు క్రీమును పలచగా రాస్తాను. మందంగా రాసిన క్రీము బూజుకు మేత అవుతుంది.

ఆఫీసు నుంచి వచ్చి విప్పిన బూట్లను అదే రాత్రి పెట్టెలో పెట్టి మూయడం 2022లో నేను చేసిన పొరపాటు. కాలి చెమట లోపలే చిక్కుకుని పెట్టెలో తేమ 83కి చేరింది, అయిదు రోజుల్లో లోపలి అట్ట మీద బూజు మొలిచింది. మూసిన పెట్టె పొడిని ఎంత బాగా కాపాడుతుందో తడిని కూడా అంత బాగానే కాపాడుతుంది. ఇప్పుడు కనీసం ఒక రోజంతా ఫ్యాను గాలికి ఉంచాకే లోపల పెడుతున్నాను. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది: రెండు జతల బూట్లకు అర కిలో తాజా జెల్ వేస్తే తేమ 28కి పడిపోయింది, తోలు బిరుసెక్కింది. 150 గ్రాములకు తగ్గించాక 45, 50 మధ్య ఉంటోంది.

పెట్టెకు నిజమైన పరీక్ష 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను పెట్టింది. మా వీధికి మూడు రోజులు కరెంటు లేదు, ఏసీ లేదు, ఫ్యాను లేదు. అలమరలో పెట్టిన హైగ్రోమీటరు 89 చూపించింది, పుస్తకాల పెట్టెలోది 51 నుంచి 54కి మాత్రమే పెరిగింది. ఆ మూడు రోజులూ మూత తెరవకుండా, పారదర్శకంగా ఉన్న పెట్టె గోడలోంచే అంకె చూసుకున్నాను.

జెల్‌ను ఎండబెట్టడమే ఇందులో శ్రమ. వంటకు వాడని పాత ఓవెన్‌లో, స్టీలు పళ్ళెంలో పలచగా పరిచి, 120 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచితే నారింజ రంగు తిరిగి వస్తుంది, బరువు తిరిగి 500కు దిగుతుంది. తొందరపడి 180 వద్ద పెట్టినప్పుడు రంగు మాడి గోధుమగా అయిపోయింది. ఆ గింజలు తేమను పీల్చుతూనే ఉన్నాయి గాని రంగు చూసి ఏమీ తెలుసుకోలేము, తూచి చూడవలసిందే. వాటిని బూట్ల పెట్టెకు కేటాయించాను. ఇంకో పరిమితి పెట్టె పరిమాణం. మా పుస్తకాలలో పెట్టెల్లో పట్టినవి మూడో వంతు మాత్రమే. మిగిలినవి అలమరలోనే ఉన్నాయి, దాన్ని గోడ నుంచి బెత్తెడు ముందుకు జరిపి, రెండు రోజులకోసారి తలుపులు తెరిచి ఫ్యాను వేస్తున్నాను. వాటిలో ఏటా రెండు మూడింటికి నూగు కనిపిస్తూనే ఉంది, పెట్టెలోని వాటికి 2022 తర్వాత ఒక్కసారి కూడా పట్టలేదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో అందుకుంటాయి కాబట్టి, సెప్టెంబరు చివరి వారంలోనే జెల్ ఎండబెట్టడం, పుస్తకాలు తూచడం మొదలుపెడుతున్నాను.