అలెప్పీ హోమ్‌స్టే, ఒక అరిటాకు ఫొటో, మా అత్తయ్య కళ్లజోడు

రాజమండ్రిలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి అలెప్పీలో దిగేదాకా చెప్పుకోవాల్సిన ఇబ్బందేమీ లేదు. మర్నాడు ప్రభుత్వ బోటు ఎక్కాం. టిక్కెట్టు మనిషికి ముప్పై రూపాయల లోపే, వేలు పోసి తీసుకునే హౌస్‌బోటు చూపించే కాలవలే అదీ చూపిస్తుంది. నా కడుపుమంటంతా మేం దిగిన ఇంటి గురించి.

కుట్టనాడు వైపు, కాలవ ఒడ్డున ఒక హోమ్‌స్టే. గది రోజుకి 3,400. రెండు రాత్రులకి 6,800 ముందే కట్టేశాం. భోజనం పూటకి మనిషికి 350, అది వేరే. నన్ను పడగొట్టింది వాళ్ల పేజీలో ఉన్న ఒక ఫొటో. పచ్చటి అరిటాకు, నిండా వడ్డన, పక్కన స్టీలు గ్లాసు, కింద ‘మా ఇంట్లో రోజూ ఇదే’ అన్న అర్థం వచ్చే మాట. మా వారు గదిలో ఏసీ ఉందా అని చూశారు, మా అమ్మాయి కాలవ చూసింది, నేను ఆకు చూసి డబ్బు కట్టాను.

మొదటి పూట వచ్చింది ఫైబరు పళ్లాల్లో తెల్లన్నం, నీళ్ల సాంబారు, క్యాబేజీ వేపుడు, ప్యాకెట్టు కత్తిరించి పోసిన ఊరగాయ. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే వంటింటి వెనక హోటలు పార్సిలు కవర్లు కనిపించాయి. “ఫొటోలో ఉన్న భోజనం ఏదండీ?” అని అడిగితే ఇంటాయన, “అది పండగ రోజు విందు మేడం, ఓణం సద్య” అన్నాడు. పండగదైతే రోజూ అని ఎందుకు రాశారంటే నవ్వి ఊరుకున్నాడు. మా వారు “పోనీలే, తిను” అన్నారు. ఆయన ఏ ఊళ్లోనైనా అదే అంటారు.

మా అత్తయ్య మాత్రం “ఏదీ, ఆ ఫొటో ఇలా ఇయ్యి” అంది. ఆవిడ పుట్టి పెరిగింది మద్రాసు మాంబళంలో. పెళ్లయ్యాకే గోదావరి జిల్లా. కళ్లజోడు పెట్టుకుని రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి, “ఇది వీళ్ల వంట కాదే అమ్మాయ్. ఇది అరవ విస్తరి” అంది.

అలా అనడానికి ఆవిడ మొదట చూసింది ఆకు మీద ఉన్నవాటిని కాదు, లేనివాటిని. మలయాళీల సద్యలో ఆకు ఎడమ కొసన ఉప్పేరి అనే అరటికాయ చిప్సు, బెల్లం పూసిన శర్కర ఉప్పేరి, ఊరగాయలు, నల్లగా చిక్కగా అల్లంతో చేసే ఇంజికర్రీ చిన్న చిన్న ముద్దలుగా పడతాయి. కూరలు ఒకటో రెండో తగ్గినా తగ్గుతాయి గానీ ఉప్పేరి లేకుండా సద్య అనరు. మా ఫొటోలో ఎడమ కొసన ఉన్నవి కాస్త ఉప్పు, కాస్త ఊరగాయ, అంతే. పైగా పక్కన ఒక గారె కూర్చుని ఉంది. అరవ విందులో వడ ఉండి తీరుతుంది, సద్యలో దాని జాడ మామూలుగా ఉండదు.

తరవాత పాయసం. ఇది నాకు అస్సలు తట్టలేదు, నా ఎదురుగానే ఉన్నా. ఫొటోలో అన్నం ముద్ద ఇంకా కలపలేదు, పప్పు పోసినచోట చెయ్యి పడలేదు. అయినా ఆకు కింద కుడి మూల ఒక గరిటెడు పాయసం ఉంది. తమిళుల ఇళ్లలో ముందు ఆ మూలన తీపి పెడతారు, దాన్ని నాలిక మీద వేసుకునే భోజనం మొదలుపెడతారు. కేరళలో మొదట పప్పూ నెయ్యీ, తరవాత సాంబారు. పాయసం ఆ పైన వస్తుంది, అప్పటికి ఆకు సగం ఖాళీ అయి చెదిరి ఉంటుంది. చెయ్యి పెట్టని ఆకు మీద పాయసం ఉందంటే వడ్డించినవాళ్ల అలవాటు వేరు. వంటకం పేరు ఎవరైనా నేర్చుకుంటారు, వడ్డించే వరస మాత్రం చేతికి పుట్టింటినుంచే వస్తుందని అత్తయ్య వాదన. నాకూ అదే గట్టి ఆనవాలు అనిపించింది.

అప్పడం కూడా పట్టించింది. కేరళ పప్పడం అరచేయంత ఉంటుంది. పిండిలో పడే సోడా కారం వల్ల నూనెలో వెయ్యగానే బుడగలా ఉబ్బుతుంది. ఫొటోలోది పళ్లెమంత వెడల్పు, చిన్న చిన్న పొక్కులతో చదునుగా ఉంది.

అన్నం గురించి నేనే ఎగిరాను. “తెల్లగా ఉంది కాబట్టి కేరళ కాదు, ఇక్కడ ఎర్రచారల లావు మట్ట బియ్యం తింటారు” అన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. మలబారు వైపు తెల్ల ఉప్పుడు బియ్యమే వండుతారట, పట్నాల్లో సన్నబియ్యం తినేవాళ్లూ ఉంటారట. మట్ట అన్నం కనిపిస్తే కేరళ అనుకోవచ్చు గానీ కనిపించనంత మాత్రాన కాదనలేం. ఆకు వాటం కూడా అంతే. సన్నటి కొస తినేవాళ్ల ఎడమవైపు ఉండటం మలయాళీలకీ అరవవాళ్లకీ మనకీ ఒక్కటే, అది ఊరు చెప్పదు. ఫొటోలో కొస కుడివైపు కనిపిస్తే మాత్రం ఎదుటివైపు నుంచి తీశారనో, బొమ్మ తిరగేశారనో, వేసినవాళ్లకే పద్ధతి తెలీదనో అనుకోవాలి.

ఇంటాయన ఓడిపోయే రకం కాదు. “మా వంటమనిషి పాలక్కాడు ఆవిడ” అన్నాడు. ఇది తెలివైన జవాబు, ఒప్పుకోవాలి. పాలక్కాడు కేరళలోనే ఉన్నా అక్కడ తరాలుగా తమిళ కుటుంబాలున్నాయి, అక్కడి విస్తట్లో రెండు పద్ధతులూ కలిసిపోతాయి. వంట చూసి వండినవాళ్ల పుట్టుక చెప్పొచ్చు గానీ ఫొటో తీసిన ఊరు చెప్పలేం. ఓణం నాడు హైదరాబాదులోనూ సద్య దొరుకుతుంది, దుబాయిలోనూ దొరుకుతుంది.

అందుకని అత్తయ్య ఆకు వదిలేసి గ్లాసు పట్టుకుంది. అది నీళ్ల గ్లాసు కాదు, అంచు బయటికి తిరిగిన స్టీలు టంబ్లరు. దాని వెనక ఫొటో చివర సగం తెగిపోయి ఒక డబరా. కాఫీ తిరగబోసుకునే ఆ జత చెన్నై వైపు ప్రతి ఇంట్లో ఉంటుంది, బెంగళూరులోనూ కనిపిస్తుంది. ఇక్కడ రెండు రోజులుగా మాకు టీ ఇచ్చింది గాజు గ్లాసుల్లోనే. ఇంకా పెద్దది చేస్తే టంబ్లరు మీద చుక్కల్లో చెక్కిన అక్షరాలు తేలాయి. గిన్నెలు కొన్నప్పుడు కొట్టువాడు మిషనుతో పేరు చెక్కి ఇస్తాడే, అవి. మూడు అక్షరాల్లో రెండు కనబడుతున్నాయి, రెండూ అరవమే. అత్తయ్య వాటిని పైకి చదివి, “నీ వంటమనిషి పాలక్కాడు నుంచి పెళ్లి సామానుతో సహా వచ్చిందా నాయనా?” అని తమిళంలో అడిగింది. తమిళం అతనికి బాగానే అర్థమైంది.

చివరికి ఆ ఫొటో పేజీ తయారుచేసిన కుర్రాడు ఎక్కడినుంచో తెచ్చి పెట్టాడని ఇంటాయన ఒప్పుకున్నాడు. నాలుగు భోజనాల 1,400 వదిలేశాడు, రెండో రాత్రి అద్దెలో సగం, అంటే 1,700 వెనక్కి ఇచ్చాడు. మేం ఒక్క రాత్రే ఉన్నాం. మా వారు గొడవ జరుగుతున్నంతసేపూ కాలవలో బాతుల్ని లెక్కపెట్టారు.

ఆ మధ్యాహ్నం అలెప్పీలో ‘ఊణు’ అని బోర్డున్న చిన్న హోటల్లో తిన్నాం. ఊణంటే భోజనమే. 90 రూపాయలు, చేప వేపుడు ఇంకో 110. ఎర్రచారల మట్ట అన్నం గింజ గింజా లావుగా, ముందు నమలడానికి పని, తరవాత మరి వదలబుద్ధి కాదు. పచ్చి కొబ్బరితో బీన్సు తోరన్, మజ్జిగతో చేసే పసుపు రంగు మోరు కర్రీ, మట్టి చట్టిలోంచి కుడంపులి అనే పులుపు కాయ వేసిన చేపల పులుసు. మన చింతపండు పులుపుకి అలవాటైన నాలిక మొదటి ముద్దకి తడబడింది. కుడంపులి పులుపులో పొగ వాసన ఉంటుంది, రెండో ముద్దకి అదే కావాలనిపించింది. అత్తయ్య శాకాహారి, మూడుసార్లు మోరు కర్రీ పోయించుకుంది. మా అమ్మాయి గ్లాసు ఎత్తి “నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయేంటి, వేడిగా కూడా ఉన్నాయి?” అంది. పతిముగం అనే చెక్క వేసి కాచిన నీళ్లు. అప్పుడు నాకు వెలిగింది. హోమ్‌స్టే వాళ్లు ఫొటో దొంగిలించేటప్పుడు గాజు గ్లాసులో గులాబీ నీళ్లున్నది దొంగిలించి ఉంటే మేమెవ్వరం పట్టుకోలేకపోయేవాళ్లం. భోజనం పక్కన ఆ రంగు గోరువెచ్చని నీళ్లు కేరళ బయట అరుదు. స్టీలు గ్లాసైతే రంగు దాచేస్తుంది.

తరవాతి బస ఫోర్ట్ కొచ్చిలో వెతికేటప్పుడు ఇక గదుల ఫొటోలు చూడలేదు, టేబుళ్లే చూశాం. ఒకచోట అప్పం, స్ట్యూ బాగానే ఉన్నాయి, కానీ ఎడమన ఫోర్కు, కుడిన కత్తి, గుడ్డ నాప్కిను పువ్వులా మడిచి ఉంది. అది అబద్ధమేమీ కాదు, ఇంటి వంట మాత్రం కాదు, విదేశీయుల కోసం పెట్టిన హోటలు. రేటు 5,200 చూసి వదిలేశాం. ఇంకోచోట అరిటాకు ఫొటోలో నాలుగు ఆకులకీ ఈనెలు, అంచున చిరుగు ఒకే చోట ఉన్నాయి. ప్రకృతిలో అలా జరగదు, అచ్చేసిన కాగితం ఆకులు. మూడోచోట నునుపైన సిమెంటు గట్టు మీద ఆవిరికి ఉడికిన బియ్యప్పిండి పుట్టు, పక్కన నల్ల శనగల కడల కూర, చిన్న గాజు గ్లాసులో పాలు లేని కట్టన్ చాయ, వెనక సగం కనబడే కూజాలో గులాబీ నీళ్లు. ఫొటో మసగ్గా ఉంది, ఎవరూ దాని కోసం సర్దినట్టు లేదు. 2,900కి అదే తీసుకున్నాం. పొద్దున్న అదే గట్టు, అదే కూజా. అక్కడ రెండు రోజులు హాయిగా గడిచాయి.

ఇంటికొచ్చిన రెండు వారాలకి ఆ కుట్టనాడు పేజీ తెరిచి చూస్తే ఫొటో మార్చారు. ఈసారి ఉప్పేరి ఉంది, ఇంజికర్రీ ఉంది, పప్పడం బుడగలా ఉబ్బి ఉంది. గాజు గ్లాసులో నీళ్లు గులాబీ రంగు. పాఠం బాగానే ఒంటబట్టిందనుకుని ఫోను అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ చాలాసేపు చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

“అంతా బానే ఉందిగానీ అమ్మాయ్, తినే ఆయన ఎడం చేత్తో కలుపుతున్నాడు. ఆకు కొస కూడా కుడివైపుంది. ఎవరిదో తెచ్చి తిరగేసి పెట్టాడే వీడు” అంది.