బైబ్యాక్: బజార్లో కొనడమా, టెండర్ వేయడమా? ఏది మేలు?

విశాఖ స్టీల్ ప్లాంట్‌లో రిటైరై గాజువాకలో ఉంటున్న మా మావయ్యకు 110 ఇన్ఫోసిస్ షేర్లున్నాయి. 2022 అక్టోబరులో కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనుక్కునే 9,300 కోట్ల బైబ్యాక్ ప్రకటించి, గరిష్ఠ ధర 1,850 రూపాయలు అనగానే ఫోన్ చేశారు: "ఏట్రా, మనకి షేరుకి 1,850 ఇచ్చేస్తారా?"

ఇవ్వరు. అది ఓపెన్ మార్కెట్ బైబ్యాక్. కంపెనీ బ్రోకర్ ద్వారా ఎక్స్ఛేంజీలో ఆ రోజు నడుస్తున్న ధరకే కొంటుంది. 1,850 అన్నది అంతకు మించి పెట్టబోమని చెప్పే హద్దు మాత్రమే. 2023 ఫిబ్రవరిలో ఆ కొనుగోలు ముగిసేసరికి సగటు ధర సుమారు 1,539 పడింది. అమ్మినవాళ్లకు తమ షేరు కొన్నది కంపెనీయో ఇంకెవరో కూడా తెలియదు.

ఈ పద్ధతి ఇచ్చే సంకేతం "మా షేరు చవగ్గా ఉంది, పడితే కొంటాం" అని. కానీ ఏ ధరకు, ఎప్పుడు కొనాలన్నది యాజమాన్యం చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ మాటకు బరువు తక్కువ. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దీన్ని దశలవారీగా కుదిస్తూ వచ్చి, 2025 మార్చి తర్వాత ఎక్స్ఛేంజీ దారిని మూసేసింది.

2025లో అదే కంపెనీ టెండర్ వేసింది, అంటే ముందే చెప్పిన ధరకు వాటాదారుల దగ్గరే షేర్లు తీసుకుంటానంది: 10 కోట్ల షేర్లు, ఒక్కోటి 1,800 చొప్పున, మొత్తం 18,000 కోట్లు. ప్రకటించేనాటికి మార్కెట్ ధర 1,500 పైచిలుకు. ఇక్కడ ధర ముందే రాసిచ్చేశారు, వెనక్కి తగ్గే వీల్లేదు. అందుకే సంకేతంగా చూస్తే నా ఓటు టెండర్‌కే.

ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో కంపెనీ లెక్క చూసే రికార్డ్ తేదీన, షేర్ల విలువ 2 లక్షలు దాటని చిన్న వాటాదారులకు 15 శాతం కోటా ఉంటుంది. ఈసారి వాళ్లకు ప్రతి 11 షేర్లకు 2 ఖాయం. అంటే మావయ్యకు 20 షేర్లు, 36,000 రూపాయలు. మిగతా 90 ఆయన దగ్గరే ఉంటాయి.

లాభమేనా అంటే పన్ను చూడాలి. అప్పటి నిబంధన ప్రకారం ఆ 36,000 మొత్తం డివిడెండ్ కింద లెక్క. కొన్న ధరను మూలధన నష్టంగా చూపించి, తర్వాత వచ్చే లాభాల్లో సర్దుకోవచ్చు. పన్ను పడనంత ఆదాయమున్న మావయ్యలాంటి వారికి టెండర్ మేలు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 1,800లో చేతికొచ్చేది సుమారు 1,240, కాబట్టి వాళ్లు మామూలుగా మార్కెట్లో అమ్ముకోవడమే నయం.

ఈ పన్ను వల్లే ఒక సంకేతాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆ టెండర్‌లో ప్రమోటర్లు, అంటే కంపెనీ స్థాపకులూ వాళ్ల కుటుంబాలూ, పాల్గొనలేదు. "షేరు ఇంతకన్నా విలువైంది కాబట్టే వాళ్లు అమ్మలేదు" అని చాలామంది సంబరపడ్డారు. కానీ పై శ్లాబులో ఉన్నవాళ్లకు అమ్మకపోవడానికి పన్ను ఒక్కటే చాలు. అదే ప్రమోటర్లు పన్ను కట్టి మరీ షేర్లు ఇచ్చేస్తుంటే, అప్పుడు నేను గట్టిగా అనుమానిస్తాను.