వెంచురీ మీటర్: లెక్క చెప్పే ప్రవాహం, పైపులో పారే ప్రవాహం

పైపును ఒకచోట ఇరుకు చేసి, అక్కడ వచ్చే పీడన తేడాతో ప్రవాహాన్ని కొలిచేది వెంచురీ మీటర్. 100 మి.మీ. పైపులో 50 మి.మీ. గొంతు, అంటే ఇరుకు భాగం, ఉన్నదాన్ని తీసుకుందాం. పారేది నీరు, పీడన తేడా 20 కిలోపాస్కల్స్.

బెర్నౌలీ సూత్రం ఒక్కదాన్నే నమ్మితే Q = A₂√(2Δp/ρ)/√(1−β⁴), అంటే సెకనుకు 12.83 లీటర్లు. ఇందులో Q ప్రవాహం, A₂ గొంతు వైశాల్యం, Δp పీడన తేడా, ρ నీటి సాంద్రత, β గొంతు వ్యాసాన్ని పైపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది. కానీ ఆ పీడన తేడాలో కొంత ఘర్షణ వల్ల పోయింది. దాన్ని కూడా వేగం ఖాతాలో వేశాం కాబట్టి జవాబు ఎక్కువ వచ్చింది.

దాన్నే, అసలు ప్రవాహం లెక్క ప్రవాహంలో ఎంత వంతో చెప్పే 0.98 డిశ్చార్జ్ కోఎఫిషియెంట్‌తో గుణిస్తే 12.57 లీటర్లు. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, గంటకు 920 లీటర్ల పైమాటే. నేనైతే రెండో లెక్కనే వాడతాను. అయితే ప్రవాహం బాగా తగ్గినప్పుడు 0.98 నిలవదు, పడిపోతుంది. ల్యాబ్‌లో ట్యాంకు నింపి కొలిచినప్పుడు ఈ విలువ 1 దాటిందంటే, ముందుగా మానోమీటర్ గొట్టాల్లో గాలి బుడగలు ఉన్నాయేమో చూడండి.