డిశ్చార్జి సమ్మరీ తెలుగులో: వరుస అనువాదమా, పూటల కాగితమా?

మదనపల్లె, హిందూపురం, అనంతపురం వైపుల నుంచి బెంగళూరుకు వైద్యం కోసం వచ్చే కుటుంబాలకు డిశ్చార్జి సమ్మరీని తెలుగులో రాసి ఇవ్వవలసి వచ్చినప్పుడు, మా వార్డులో కొత్తగా చేరిన నర్సులూ కో-ఆర్డినేటర్లూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. సమ్మరీలో ఉన్నదాన్ని ఉన్న వరుసలోనే తెలుగు చేయాలా, లేక ఇంట్లో పాటించవలసిన క్రమంలో కొత్తగా రాయాలా అని. నేను చాలా కాలం మొదటి పద్ధతిలో రాశాను, ఇప్పుడు రెండో పద్ధతిలో, ఏ పూటకు ఏ మందో చెప్పే పూటల కాగితంగా రాస్తున్నాను. ఒకే రోగికి రెండు విధాలా రాయవలసి వచ్చిన సందర్భం ఒకటి ఉంది కనుక దాన్ని పట్టుకునే ఈ రెండింటినీ పోల్చి చూస్తాను.

ఆమె మదనపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చింది, వయసు 64 ఏళ్ళు. గుండె బలహీనపడి, ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడని స్థితిలో చేరి, వారం రోజుల తర్వాత ఇంటికి బయలుదేరింది. సమ్మరీ నాలుగు పేజీలు. చివరి పేజీలో నాలుగు మందులు: నీరు తీసే ఫ్యూరోసెమైడ్, సాక్యుబిట్రిల్-వాల్సార్టన్ అనే జంట మందు, స్పైరనోలాక్టోన్, మెటోప్రొలాల్. వాటి కింద ఉప్పూ ద్రవాలూ తగ్గించాలన్న సూచన, వారానికి రక్తపరీక్షతో తిరిగి రావాలన్న మాట ఉన్నాయి.

వరుస అనువాదానికి ఉన్న బలాన్ని తక్కువ చేసి చెప్పలేను. రాసేవారు దేన్నీ వదలరు, సొంతంగా దేన్నీ తేల్చరు. మూలంతో పంక్తికి పంక్తి సరిచూడవచ్చు. ఆసుపత్రిలో ఏమి జరిగింది, ఐసీయూలో ఎందుకు పెట్టారు, ఏ పరీక్షలో ఏమి తేలింది అని తెలుసుకోవాలన్న కోరిక కుటుంబానికి ఉంటుంది, అది న్యాయమైనదే. ఆ కోరికను ఈ పద్ధతి తీరుస్తుంది. సమయం కూడా తక్కువ పడుతుంది, బిల్లు కట్టి వాహనం ఎదురుచూస్తున్న మధ్యాహ్నం వేళ అది చిన్న విషయం కాదు.

అయితే మాటకు మాట సరిగానే ఉండి, అర్థం మాత్రం తప్పిపోయే చోట్లు ఇందులో వస్తాయి. ఆమె సమ్మరీలో ఈఎఫ్ 30 శాతం అని ఉంది. ‘గుండె 30 శాతం పనిచేస్తోంది’ అని రాశాను. అది చదివి కొడుకు బయట వరండాలో కూలబడ్డాడు. మిగతా 70 శాతం పోయిందనుకున్నాడు. ఈఎఫ్ అంటే గుండె నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు బయటికి వెళ్ళే భాగం. ఆరోగ్యవంతుల గుండె కూడా నూటికి నూరు పంపదు, సుమారు 55 నుంచి 70 మాత్రమే పంపుతుంది. 30 అంటే బాగా తగ్గినట్టే, కానీ దాన్ని పోల్చవలసింది నూటితో కాదు. ఈ సంగతి సమ్మరీలో ఉండదు, ఎందుకంటే దాన్ని ఒక వైద్యుడు మరో వైద్యుడి కోసం రాస్తాడు.

నా దృష్టిలో ఏది మేలో తేల్చే అంశం దీనికి మరింత లోతున ఉంది. సమ్మరీలో ఇకపై వేసుకోవలసిన మందులు ఉంటాయి. ఆపవలసిన మందులు చాలాసార్లు ఉండవు. పాత మందు కొత్త జాబితాలో లేకపోతే ఆపినట్టేనని వైద్యులకు తెలుసు. ఇంట్లో వాళ్ళకు ఆ లేకపోవడం కనిపించదు. వాళ్ళకు కనిపించేది ఊళ్ళో డాక్టరు గారు ‘జీవితాంతం మానకూడదు’ అని చెప్పి ఇచ్చిన బీపీ మాత్ర, అది వంటింటి గూట్లో పసుపు డబ్బా పక్కనే ఉంది.

ఈ ఇంట్లో ఆ మాత్ర టెల్మిసార్టన్. ఆసుపత్రిలో కొత్తగా మొదలుపెట్టిన జంట మందులోని వాల్సార్టన్ కూడా అదే జాతి మందు. రెండూ కలిస్తే ఒకే పని చేసే మందు రెండింతలవుతుంది: రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాల మీద భారం పెరుగుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. స్పైరనోలాక్టోన్ కూడా పొటాషియాన్ని పెంచేదే. ఇంట్లో వాళ్ళు అట్టను గుర్తుపట్టేది కంపెనీ పెట్టిన పేరుతోనే, అసలు మందు పేరుతో కాదు కనుక, ఇవి రెండూ దగ్గరి బంధువులని ఇంట్లో ఎవరికీ తోచే వీలు లేదు.

తొమ్మిదో రోజున ఆమెను మళ్ళీ తీసుకువచ్చారు. లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతోంది. రక్తపోటు 84/50, పొటాషియం 5.9. కోడలు నా చేతి రాతతో ఉన్న కాగితాన్ని భద్రంగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి తెచ్చింది. ‘అక్కా, నువ్వు రాసినవన్నీ తప్పకుండా ఇచ్చినాం. పాత బీపీ మాత్ర ఎట్లా ఉండేదే కదా, అదీ మానలేదు’ అంది. నా అనువాదంలో ఒక్క తప్పు కూడా లేదు. ఆమెకు కావలసిన వాక్యం మాత్రం అందులో లేదు.

నాలుగు రోజుల తర్వాత ఆమె మళ్ళీ ఇంటికి వెళ్ళేటప్పుడు పూటల కాగితం రాశాను. రాయడానికి ముందు చేసే పనే ఇందులో అసలైనది. ముందురోజే, ఇంట్లో ఉన్న మందులన్నీ, డబ్బాలో అడుగున పడి ఉన్న సగం అట్టలతో సహా, ఫొటో తీసి పంపమని కొడుకుకు చెప్పాను. అట్ట మీది అసలు మందు పేర్లను సమ్మరీలోని పేర్లతో ఒక్కొక్కటిగా సరిచూశాను. సమ్మరీలో లేనివి రెండు తేలాయి: టెల్మిసార్టన్ ఒకటి, మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ ఒకటి. అలాంటి నొప్పి మాత్రలు ఒంట్లో నీటిని నిలవేస్తాయి, గుండె బలహీనంగా ఉన్నవారికి అవి పనికిరావు. సమ్మరీ రాసిన వైద్యుడికి ఆ మాత్ర సంగతే తెలియదు, ఎందుకంటే దాన్ని ఆ ఇంట్లో ఎవరూ మందుగా లెక్కించలేదు. రెండింటినీ డ్యూటీ డాక్టరుకు చూపించి, ఆపాలా ఉంచాలా అన్నది ఆయన చేతే రాయించుకున్నాను. ఆ నిర్ణయం కాగితం రాసేవారు చేయకూడదు, ఎంత స్పష్టంగా కనిపించినా సరే.

కాగితం పైభాగం ఇలా వచ్చింది:

ఇక వేయకూడనివి: పాత బీపీ మాత్ర (టెల్మిసార్టన్), మోకాళ్ళ నొప్పి మాత్ర (డైక్లోఫెనాక్). నొప్పి ఎక్కువైతే మాకు ఫోన్ చేసి అడగండి, షాపులో అడగవద్దు.

ఇప్పటికి ఆపినది: స్పైరనోలాక్టోన్. వచ్చే రక్తపరీక్ష చూశాక మళ్ళీ వేయాలో వద్దో డాక్టరు చెబుతారు. అట్టను పారేయకండి, విడిగా పెట్టండి.

పొద్దున టిఫిన్ తర్వాత: మూడు మాత్రలు. మధ్యాహ్నం మూడు గంటలకు: నీరు తీసే మాత్ర ఒకటి. రాత్రి భోజనం తర్వాత: జంట మందు ఒకటి.

పూర్తిగా ఆపినదాన్నీ, కొన్నాళ్ళకు ఆపినదాన్నీ వేరువేరుగా రాయడం తప్పనిసరి. రెండింటినీ ‘ఆపండి’ అని ఒకే మాట కింద పెడితే, తిరిగి మొదలుపెట్టవలసిన మందు ఎప్పటికీ మొదలు కాదు. మందు పేరును తెలుగులో రాసి, పక్కనే అట్ట మీద ఉన్న ఇంగ్లీషు పేరును అక్షరం మారకుండా దించాను, ఎందుకంటే షాపులో చూపించేది ఈ కాగితమే. నీరు తీసే మాత్ర పక్కన మధ్యాహ్నం మూడు అని గంట వేయడానికి కారణం ఉంది: అది పొద్దుపోయాక వేస్తే రాత్రంతా మూత్రానికి లేవాలి, నిద్రమత్తులో పడిపోయే ప్రమాదమూ ఉంటుంది.

మాత్రల తర్వాత తిండీ తాగుడూ. రెండో సమ్మరీలో పొటాషియం తక్కువగా ఉండే ఆహారం అని ఒక్క ముక్కే ఉంది. ఆ మాటను అలాగే తెలుగు చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నీరసంగా ఉన్న మనిషికి మన ఇళ్ళల్లో మొదట ఇచ్చేది కొబ్బరినీళ్ళు, వాటిలో పొటాషియం ఎక్కువ. అందుకని ‘కొబ్బరినీళ్ళు వద్దు, తక్కువ సోడియం అని అమ్మే ఉప్పు కూడా వద్దు’ అని రాశాను. ఆ ఉప్పులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. ద్రవాలు రోజుకు లీటరున్నర అన్నచోట కొలిచే ఉపాయం రాశాను: పొద్దున లీటరున్నర నీళ్ళు బాటిళ్ళలో పట్టి ఉంచాలి, కాఫీ తాగినా మజ్జిగ తాగినా చారు పోసుకున్నా అంత కొలత నీళ్ళు వాటిలో నుంచి పారబోయాలి, నీళ్ళు అయిపోతే ఆ రోజుకు తాగడం అయిపోయినట్టే.

బరువు సంగతి కూడా ఇంటి వైపు నుంచి చూసి రాయవలసిందే. డిశ్చార్జి నాటి బరువు సమ్మరీలో 58.4 కిలోలు అని ఉంది, కానీ ఆసుపత్రి మిషనూ ఇంటి మిషనూ ఒకే అంకె చూపవు. ఇంటికి వెళ్ళిన మర్నాడు పొద్దున, మూత్రానికి వెళ్ళివచ్చాక, ఏమీ తినకముందు ఇంటి మిషను మీద చూసిన బరువునే మొదటి అంకెగా రాసుకోమన్నాను. ఆ తర్వాత ఏ మూడు రోజుల్లోనైనా రెండు కిలోలు పెరిగితే, ఆయాసం లేకపోయినా ఫోన్ చేయాలి. నీరు చేరడం తరచు బరువులోనే ముందు తెలుస్తుంది.

ఈ పద్ధతికి ఉన్న బలహీనత ఏమిటంటే, రాసేవారి చేయి ఎక్కువగా పడుతుంది. వరుస మారుతుంది, కొన్ని సంగతులు వదిలేస్తాము, కొన్ని చేరుస్తాము. అందువల్ల డాక్టరు సంతకం లేకుండా ఈ కాగితం బయటికి వెళ్ళకూడదు. ఇది త్వరగా పాతబడుతుంది కూడా. వారం తర్వాత మోతాదు మారితే పాత కాగితమే అపాయం. పైన తేదీ వేసి, ‘తిరిగి చూపించుకునే రోజు దాకా మాత్రమే’ అని రాస్తాను, కొత్తది ఇచ్చేటప్పుడు పాతదాన్ని తీసేసుకుంటాను. రాయడానికి గంట పైనే పడుతుంది. అయినా ఇంట్లో మునుపటి మందులు ఉన్న ఏ రోగికైనా ఈ గంట ఖర్చు పెట్టవలసిందేనని నా నిశ్చయం. ఇంట్లో ఏ మందూ లేక, అయిదు రోజుల యాంటీబయాటిక్‌తో వెళ్ళే అపెండిక్స్ ఆపరేషన్ రోగికైతే వరుస అనువాదంతో పెద్దగా ఇబ్బంది రాదు.

మిగతా మార్గాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపడం చదువురాని వారికి తోడుగా బాగుంటుంది, కానీ మూడో మందు దగ్గరికి వెళ్ళాలంటే మొదటినుంచీ వినాలి. సూర్యుడు, చంద్రుడు బొమ్మలు పూటలకు పనికివస్తాయి, ‘ఆపండి’ అని చెప్పడానికి చాలవు.

కాగితం చేతికిచ్చే ముందు అర్థమైందా అని అడగను, అడిగితే అందరూ తల ఊపుతారు. అట్టలన్నీ మంచం మీద పరిచి, ‘రేపు పొద్దున అత్తకు ఏమేమి ఇస్తావు, చూపించమ్మా’ అన్నాను. కోడలు మూడు అట్టలు తీసి ఒక పక్కన పెట్టింది. నాలుగోది తీసుకుని తిప్పి చూసి, చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి, ‘ఇది ఆపేసిందే గదా’ అంటూ నా పెన్ను అడిగి తీసుకుని దాని వెనక పెద్దగా ‘వద్దు’ అని రాసింది.