ఫోన్‌లో చేరినవాళ్లను మినిట్స్‌లో ఎలా రాయాలి? ఏది మేలు?

సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ కమిటీ మినిట్స్ రాసేది నేనే. ఈ మధ్య వేరే అపార్ట్‌మెంట్ల సెక్రటరీలు నన్ను పదేపదే ఒకటే అడుగుతున్నారు. సగం మంది హాల్లో, సగం మంది ఫోన్‌లో ఉంటే హాజరు ఎలా రాయాలని.

చాలామంది ఒకే పట్టిక రాసి, పేరు పక్కన "ఫోన్‌లో" అని పెడతారు. తేలికే. కానీ మనిషి హాల్లోంచి లేచి వెళ్తే అందరికీ కనిపిస్తుంది, లైన్ కట్ అయితే ఎవరికీ తెలియదు. అందుకే నేను అంశం వారీగా లెక్క రాయడం మొదలుపెట్టాను.

మొన్నటి మీటింగ్‌నే చూడండి. కమిటీలో 11 మంది, మా బైలాస్ ప్రకారం కోరం 6. మొదట్లో హాల్లో నలుగురు, ఫోన్‌లో ముగ్గురు, మొత్తం ఏడుగురు. లిఫ్ట్ మరమ్మతు మీద ఓటింగ్‌కు ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను. గాజువాక నుంచి చేరినాయన ఒక్కరే పలికారు. మిగతా ఇద్దరి లైన్లు ఎప్పుడో తెగిపోయాయి. అంటే ఉన్నది ఐదుగురే, కోరం లేదు. ఒకే పట్టిక రాసుంటే ఏడుగురి ఆమోదం అని పుస్తకంలోకి ఎక్కేసేది! మినిట్స్‌లో ఇలా రాశాను:

"అంశం 3, లిఫ్ట్. సా. 6:50కి హాల్లో 4, ఫోన్‌లో 1. కోరం లేనందున చర్చ ఆపాం. 6:58కి విజయనగరం నుంచి ఒక సభ్యురాలు తిరిగి చేరారు. మొత్తం 6. అప్పటివరకు జరిగిన చర్చ ఆమెకు చదివి వినిపించాం. పేరు పేరునా ఓటు: అనుకూలం 4 (హాల్లో 3, ఫోన్‌లో 1), వ్యతిరేకం 2 (హాల్లో 1, ఫోన్‌లో 1)."

పేరు పేరునా అడగడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. "అందరికీ ఓకేనా?" అంటే ఫోన్‌లోంచి వచ్చే మౌనాన్ని ఒప్పుకున్నట్టే రాసేస్తాం. విజయనగరం ఆవిడ కొటేషన్ ఒకటే తెచ్చారని అభ్యంతరం చెప్పారు. పేరు పెట్టి పిలవకపోతే ఆ మాట స్పీకర్ గోలలో కలిసిపోయేది. అది ఆవిడ మాటల్లోనే పుస్తకంలో ఉంది. పలకనివాళ్ల పేరు ఎదుట "స్పందన లేదు" అని రాస్తాను, ఓటుగా లెక్కించను.

ఫోన్‌వాళ్లను కోరంలో కలపకుండా, వినడానికి మాత్రమే ఉన్నారని రాసే పద్ధతీ ఉంది. ఫోన్ హాజరుకు మీ బైలాస్‌లో వీలు లేకపోతే అదే దారి, ముందు అది చూసుకోండి. కంపెనీల బోర్డు మీటింగ్‌లకు 2013 కంపెనీల చట్టంలో ఉన్నది వీడియో హాజరు. అది చూపించి మన సంఘంలో ఫోన్ చెల్లుతుందని వాదించలేం.

కాల్ రికార్డ్ చేసి మినిట్స్ మానేద్దామని కొందరంటారు. రికార్డింగ్ విని ఎవరిది ఏ గొంతో ఏడాది తర్వాత ఎవరు పోల్చుకుంటారు?